జనన ధ్రువపత్రం: గళ్లు చదవడం, బిడ్డ పేరులో అక్షరదోషం దిద్దించడం

జనన ధ్రువపత్రం అంటే, ఒక బిడ్డ పుట్టిన సంగతిని ప్రభుత్వ రిజిస్టరులో రాసుకున్నాక ఆ రాతను చూసి రిజిస్ట్రారు సంతకంతో ఇచ్చే నకలు. వాడుకలో దీన్ని బర్త్ సర్టిఫికెట్ అంటాం. అసలు రికార్డు మన బీరువాలో ఉండే కాగితం కాదు. అది పంచాయతీలోనో పురపాలక కార్యాలయంలోనో, అక్కడి నుంచి తరలించాక భద్రతా గదిలోనో ఉండే రిజిస్టరు. బిడ్డ పేరులో అక్షరం తప్పు పడినప్పుడు తల్లిదండ్రులు పడే తిప్పల్లో ఎక్కువ భాగం ఈ తేడా తెలియకపోవడం వల్లే వస్తుంది. చేతిలో ఉన్న కాగితాన్ని మార్పించాలని తిరుగుతారు. మారవలసింది రిజిస్టరు. అది సరైతే కాగితం దానంతట అదే సరవుతుంది.

దేశమంతటా ఈ నమోదుకు ఆధారం 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం. దాని కింద రాష్ట్రాలు తమ తమ నియమాలు చేసుకున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో నియమాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఇప్పటికీ పద్ధతి స్థూలంగా ఒకటే. 2023లో పార్లమెంటు ఈ చట్టాన్ని సవరించింది. ఆ సవరణ 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ రోజున గానీ ఆ తరువాత గానీ పుట్టినవారికి బడిలో చేరడానికి, డ్రైవింగ్ లైసెన్సుకు, ఓటరు జాబితాకు, పెళ్లి నమోదుకు, ప్రభుత్వ ఉద్యోగానికి, పాస్‌పోర్టుకు, ఆధార్‌కు పుట్టిన తేదీ, స్థలం నిరూపించే పత్రం జనన ధ్రువపత్రమే. అంతకు ముందు పుట్టినవారికి పదో తరగతి మెమో వంటి ఇతర దారులు మిగిలాయి. ఇప్పుడు పుడుతున్న పిల్లలకు ఆ వెసులుబాటు లేదు కాబట్టి, ఈ పత్రంలో పడిన ఒక్క అక్షరం వారి తరువాతి పత్రాలన్నిటిలోకీ పాకుతుంది.

రిజిస్టరు ఎలా తయారవుతుంది

బిడ్డ పుట్టిన 21 రోజుల్లోగా ఆ సంగతి రిజిస్ట్రారుకు చేరాలి. ఆసుపత్రిలో కాన్పు అయితే తెలియజేయవలసింది ఆసుపత్రి బాధ్యుడు. ఇంట్లో అయితే ఇంటి పెద్ద. ఇందుకోసం నింపే ఫారం 1 రెండు భాగాలుగా ఉంటుంది. ఒకటి చట్టపరమైన భాగం, రెండోది గణాంకాల భాగం. తల్లి చదువు, వయసు, కాన్పు ఎలా జరిగింది వంటి వివరాలున్న గణాంకాల భాగాన్ని చించి పై కార్యాలయానికి పంపుతారు. పేరు, తేదీ, స్థలం, తల్లిదండ్రుల పేర్లు, చిరునామా ఉన్న చట్టపరమైన భాగం రిజిస్ట్రారు దగ్గరే ఉంటుంది. ఆ భాగాలన్నీ వరుసగా కుడితే అదే జనన రిజిస్టరు. ఈ పద్ధతిలో తెలియజేసినవారు సంతకం పెట్టిన కాగితమే రిజిస్టరులోని పుట అవుతుంది. కాబట్టి ఆసుపత్రి గుమస్తా రాసిన తప్పు మరొకరి కంటపడకుండా నేరుగా రికార్డుగా మారిపోయే వీలుంది.

గ్రామాల్లో రిజిస్ట్రారు పంచాయతీ కార్యదర్శి. పట్టణాల్లో ఆ బాధ్యత పురపాలక సంఘానిది, పెద్ద నగరాల్లో నగరపాలక సంస్థ ఆరోగ్య విభాగానిది. నమోదు ఎప్పుడూ బిడ్డ పుట్టిన చోటే జరుగుతుంది, తల్లిదండ్రులు కాపురముండే చోట కాదు. మన ప్రాంతంలో తొలి కాన్పు పుట్టింట్లో జరగడం రివాజు. కాపురం హైదరాబాదులో ఉన్నా బిడ్డ తెనాలిలో పుడితే రిజిస్టరు తెనాలిలో ఉంటుంది, సవరణ కోరుతూ వెళ్లవలసిందీ అక్కడికే. ఉన్న ఊరి మీసేవలో అడిగితే పని కాలేదని చెప్పుకునేవారిలో చాలామందికి జరిగింది ఇదే.

పత్రంలోని గళ్లు

ధ్రువపత్రం ఫారం 5 నమూనాలో ఉంటుంది. పైన ప్రభుత్వం పేరు, ఇచ్చిన సంస్థ పేరు, ఏ చట్టం కింద ఇస్తున్నారో తెలిపే వాక్యం ఉంటాయి. ఆ తరువాత, ఈ వివరాలు ఫలానా రాష్ట్రం, ఫలానా జిల్లా, ఫలానా ప్రాంతపు జనన రిజిస్టరు నుంచి తీసుకున్నవని చెప్పే వాక్యం వస్తుంది. చాలామంది దాన్ని చదవకుండా కిందికి దిగుతారు. నిజానికి ముందు చదవవలసింది అదే. మీ రిజిస్టరు ఎక్కడుందో చెప్పేది ఆ వాక్యమే.

దాని కింద పేరు, లింగం, పుట్టిన తేదీ, పుట్టిన స్థలం, తల్లి పేరు, తండ్రి పేరు ఉంటాయి. చిరునామాలు రెండు. ఒకటి బిడ్డ పుట్టిన నాటికి తల్లిదండ్రులు ఉంటున్న చిరునామా, రెండోది శాశ్వత చిరునామా. ఇల్లు మారినంత మాత్రాన మొదటిది తప్పు కాదు. అది ఆ రోజు నాటి సంగతి, అలాగే ఉండాలి. జిల్లా పేరు విషయంలోనూ ఇంతే. తెలంగాణలో 2016 అక్టోబరు 11న, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. 2014 జూన్ 2కు ముందు హైదరాబాదులో ఇచ్చిన పత్రం మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అని ఉంటుంది. పత్రంలో పాత జిల్లా, పాత రాష్ట్రం కనబడితే కంగారుపడి సవరణ కోరనక్కరలేదు.

చివర ఉండే అంకెలు సవరణకు ప్రాణం. నమోదు సంఖ్య, నమోదు తేదీ, పత్రం ఇచ్చిన తేదీ అని మూడుంటాయి. నమోదు సంఖ్య ఏ యేడుకాయేడు కొత్తగా మొదలవుతుంది కాబట్టి, సంవత్సరం లేకుండా సంఖ్య ఒక్కటే చెబితే రిజిస్టరులో పుట దొరకదు. నమోదు తేదీ అంటే రిజిస్టరులో రాసిన రోజు. పత్రం ఇచ్చిన తేదీ అంటే మీరు నకలు తీసుకున్న రోజు. ఈ రెంటినీ కలగలిపి చెబితే గుమస్తా వేరే సంవత్సరపు పుస్తకం తిరగేస్తాడు. పుట్టిన తేదీకీ నమోదు తేదీకీ మధ్య దూరం కూడా ఒక కథ చెబుతుంది. అది కొద్ది రోజులే ఉంటే నమోదు సకాలంలో జరిగినట్టు. ఏడాది దాటి ఉంటే ఆ నమోదు వెనక మేజిస్ట్రేటు ఉత్తర్వు ఒకటి ఉండాలి. అలాంటి పత్రాలను పాస్‌పోర్టు కార్యాలయాలు మరికాస్త జాగ్రత్తగా చూస్తాయి.

వీటి పక్కన వివరణలు అనే గడి ఒకటుంది. చాలా పత్రాల్లో అది ఖాళీ. రిజిస్టరులో సవరణ జరిగితే ఆ సంగతి ఈ గడిలో కనబడవచ్చు. అది కనబడితే పత్రానికి మచ్చ అనుకునేవారున్నారు. పత్రం సరైన దారిలో మారిందనడానికి అదే సాక్ష్యం.

ఖాళీ, అక్షరదోషం, మార్పు

పేరు గడికి సంబంధించి కార్యాలయానికి వచ్చే వినతులు మూడు రకాలు. వీటిని వేరు చేసి చూడకపోతే అర్జీ తప్పుడు దారిలో పడుతుంది.

మొదటిది, పేరు గడి ఖాళీగా ఉండడం. మనవాళ్లు చాలామంది ఇరవై ఒకటో రోజునో, ఇంకా తరువాతో నామకరణం చేస్తారు. ఆసుపత్రి అంతకుముందే వివరాలు పంపేస్తుంది. అందుకని పేరు లేకుండానే నమోదు జరుగుతుంది. ఇది తప్పు కాదు. చట్టంలోని 14వ సెక్షన్ దీనికోసమే ఉంది. నమోదైన 12 నెలల్లోగా తల్లిదండ్రులు పేరు తెలిపితే రుసుము లేకుండా చేరుస్తారు. ఆ తరువాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేరుస్తారు. ఇది సవరణ కిందికి రాదు. దీనికి సాక్షుల వాంగ్మూలాలతో పని లేదు.

రెండోది అసలైన అక్షరదోషం. తల్లిదండ్రులు చెప్పిన పేరొకటి, రాసినవారి చేతిలో పడిన అక్షరాలు వేరొకటి. తెలుగు పేర్లను ఇంగ్లీషులో రాయడంలో స్థిరమైన పద్ధతి లేకపోవడం దీనికి పెద్ద కారణం. తకు మనం th రాస్తాం, ఉత్తరాది అలవాటు t. శ్రీని Sri అని రాసేవారున్నారు, Sree అని రాసేవారున్నారు, Shri అని రాసేవారూ ఉన్నారు. లక్ష్మికి Lakshmi, Laxmi రెండూ చెల్లుతున్నాయి. ఫోన్‌లో పేరు చెబితే అవతలివారు తమ అలవాటు ప్రకారం రాసుకుంటారు.

మూడోది పేరు మార్పు. బిడ్డకు మొదట పెట్టిన పేరు నచ్చకపోవచ్చు, జాతకం చూపించి మార్చవచ్చు, సంఖ్యాశాస్త్రం చెప్పిందని ఒక a గానీ ఒక h గానీ అదనంగా తగిలించవచ్చు. ఇక్కడ రిజిస్టరులో తప్పేమీ లేదు. తల్లిదండ్రులు ఆ రోజు చెప్పినదే రాశారు. 15వ సెక్షన్ రిజిస్ట్రారుకు ఇచ్చిన అధికారం తప్పును దిద్దడానికే గానీ ఇష్టాన్ని రికార్డు చేయడానికి కాదు. అందుకే SAHASRA అని ఇచ్చిన పేరు SAHARSA అని పడితే దిద్దుతారు, SAHASRA సరిగ్గానే ఉండగా SAHASRAA కావాలంటే నిరాకరిస్తారు. ఈ నిరాకరణ సబబే అని నా అభిప్రాయం. నచ్చినప్పుడల్లా మారే రిజిస్టరును రేపు ఏ కార్యాలయమూ నమ్మదు. గెజెట్ ప్రకటన దారి ఇలాంటి పేరు మార్పుకు సంబంధించినది. అక్షరదోషానికి గెజెట్ అక్కరలేదు, ఎవరైనా కావాలంటే ఏ నియమం కింద అని అడగవచ్చు.

రెండో రకానికీ మూడో రకానికీ మధ్య కొంత మసక ఉంది. ఇంటిపేరు వ్యవహారం అందులో ఒకటి. బిడ్డ పేరుకు ముందు ఒక్క పొడి అక్షరం ఉంటే దాన్ని పూర్తి ఇంటిపేరుగా రాయించాలని అడుగుతారు. అదే పుటలో తండ్రి పేరు పూర్తి ఇంటిపేరుతో ఉంటే రిజిస్ట్రారుకు ఆధారం కళ్లెదుటే ఉన్నట్టు. అక్కడా పొడి అక్షరమే ఉంటే తండ్రి పదో తరగతి మెమో వంటిది చూపాల్సి వస్తుంది. ఒప్పుకోవడం ఒప్పుకోకపోవడం ఆధారాల బలాన్ని బట్టి ఉంటుంది.

దిద్దడం అంటే చట్టం దృష్టిలో ఏమిటి

15వ సెక్షన్ చెప్పేది సూటిగా ఉంటుంది. రిజిస్టరులోని రాత రూపంలో గానీ సారంలో గానీ తప్పు అని రిజిస్ట్రారుకు నిరూపణ అయితే, మొదటి రాతను ముట్టకుండా, పక్కన మార్జిన్‌లో సవరణ రాసి, సంతకం చేసి, తేదీ వేయాలి. కొట్టివేత లేదు, తెల్లసిరా లేదు, పుట చించి కొత్తది కుట్టడం లేదు. ఈ మార్జిన్ పద్ధతి 1886 నాటి బ్రిటిష్ కాలపు నమోదు చట్టంలోనే ఉంది. తప్పూ దిద్దుబాటూ పక్కపక్కన కనబడుతూ ఉంటేనే, ఎవరు ఎప్పుడు ఎందుకు మార్చారో యాభై ఏళ్ల తరువాత చూసేవారికీ తెలుస్తుంది.

నియమాలు తప్పును రెండు తీరులుగా చూస్తాయి. రాతలో దొర్లినది ఒకటి. అక్షరాలు తారుమారు కావడం, ఒకటి ఎగిరిపోవడం వంటివి. దీన్ని రిజిస్ట్రారు విచారించి, నిజమనిపిస్తే దిద్ది, ఆ సంగతి పై అధికారికి తెలియజేస్తాడు. రెండోది సారంలోనే తప్పు. తల్లి పేరు పూర్తిగా వేరుగా పడడం వంటిది. దీనికి సంగతి తెలిసిన ఇద్దరు నమ్మదగిన వ్యక్తులు తప్పేమిటో, నిజమేమిటో తెలుపుతూ వాంగ్మూలం ఇవ్వాలి. పేరులో అక్షరదోషం మామూలుగా మొదటి తీరుకు చెందుతుంది. అయినా ముందుచూపుగా రెండు వాంగ్మూలాలు కూడా అడిగే కార్యాలయాలున్నాయి. ముందే తయారుచేసి పెట్టుకుంటే మళ్లీ ప్రయాణం తప్పుతుంది.

కొన్నిసార్లు ఆలస్యానికి కారణం రిజిస్టరు అక్కడ లేకపోవడం. ఏ సంవత్సరపు రిజిస్టరునైనా ఆ క్యాలెండరు సంవత్సరం ముగిశాక 12 నెలల పాటు రిజిస్ట్రారు తన దగ్గర ఉంచుకుంటాడు. ఆ తరువాత దాన్ని భద్రపరిచే అధికారికి పంపాలి. ఇవి శాశ్వత రికార్డులు, వీటిని ధ్వంసం చేయకూడదు. పుస్తకం వెళ్లిపోయాక సవరణ కోరితే, రిజిస్ట్రారు నివేదిక రాసి దాన్ని తెప్పించుకోవాలి, సవరణ మీద ఆ పై అధికారి కూడా సంతకం చేయాలి. అందుకే బిడ్డ తొలి పుట్టినరోజుకు ముందు తేలిగ్గా అయిపోయే పని అయిదో ఏట బడిలో చేర్చేటప్పటికి బరువెక్కుతుంది.

ఒక ఉదాహరణ

పద్ధతి అర్థం కావడానికి కల్పిత సందర్భం ఒకటి తీసుకుందాం. దంపతుల కాపురం హైదరాబాదులో. భార్య పుట్టిల్లు తెనాలి. 2021 ఏప్రిల్ 14న అక్కడి ప్రైవేటు ఆసుపత్రిలో పాప పుట్టింది. ఏప్రిల్ 22న 412 నంబరుతో పేరు లేకుండా నమోదైంది. జూన్‌లో తండ్రి వెళ్లి, పాప పేరు సహస్ర అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసిన అర్జీ ఇచ్చాడు. గుమస్తా రిజిస్టరులో తెలుగు సరిగ్గా రాసి, ఇంగ్లీషులో SAHARSA అని రాశాడు. పత్రం అలాగే వచ్చింది. ఎవరూ చూసుకోలేదు. ఆ పత్రం చూపించి చిన్నపిల్లల ఆధార్ తీసుకున్నారు, అందులోనూ అదే తప్పు పడింది. నర్సరీలో చేర్చినప్పుడు మాత్రం తల్లి నోటితో చెప్పింది కాబట్టి బడి రికార్డులో SAHASRA అని ఉంది. 2024లో పెద్ద బడిలో చేర్చబోతే రెండు పేర్లు పొసగలేదు.

ఇప్పుడు చేయవలసిన మొదటి పని అర్జీ పెట్టడం కాదు, రిజిస్టరులో ఏముందో తెలుసుకోవడం. 2021 సంవత్సరం, 412 నంబరు, ఏప్రిల్ 22 తేదీ చెప్పి ఆ పుటను చూపమని గానీ, దాని సారాంశపు నకలు ఇమ్మని గానీ అడగాలి. రిజిస్టరు వెతికించి నకలు పొందే హక్కు 17వ సెక్షన్ ఎవరికైనా ఇస్తుంది. రిజిస్టరులో సరిగ్గా ఉండి కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు మాత్రమే తప్పు పడి ఉంటే పని చాలా చిన్నది. రిజిస్టరుతో పోల్చి డేటా సరిచేయమంటే చాలు. మన ఉదాహరణలో తప్పు రిజిస్టరులోనే ఉంది. అయితే అదే పుటలో తెలుగు రాత సరిగ్గా ఉంది. ఇంతకన్నా గట్టి ఆధారం ఉండదు. SAHARSA అనే అక్షరాలను ఏ పద్ధతిలో చదివినా సహస్ర రాదు కాబట్టి, ఇది చేతి పొరపాటని పుటే చెబుతోంది.

తరువాత ఆధారాలు. ఇక్కడ తల్లిదండ్రులు తరచూ పొరపడే చోటు ఒకటుంది. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం తెస్తారు. అందులో బిడ్డ పేరు ఉండదు, ఫలానా తల్లి బిడ్డ అని మాత్రమే ఉంటుంది. తేదీకీ తల్లి పేరుకీ అది మంచి సాక్ష్యమే గానీ, పేరులోని అక్షరాల గురించి అది ఏమీ చెప్పదు. ఆధార్ కూడా ఈ సందర్భంలో సాక్ష్యం కాదు, ఎందుకంటే అది తప్పుపడిన పత్రం చూసి రాసుకున్నదే. దాన్ని చూపి, ఆధార్‌లోనూ అలాగే ఉంది కదా అని ఎవరైనా అంటే, ఆధార్ తీసుకున్న తేదీ, అప్పుడు చూపిన పత్రం ఏదో చెప్పాలి. నిలబడేవి జనన పత్రంతో సంబంధం లేకుండా పుట్టిన రాతలు. పుట్టిన కొత్తలో టీకాలు వేసినప్పుడు కార్డు మీద నర్సు రాసిన పేరు, నర్సరీ బడి ఇచ్చిన స్టడీ సర్టిఫికెట్, అన్నిటికన్నా ముఖ్యంగా 2021 జూన్‌లో తండ్రి ఇచ్చిన పాత అర్జీ. అది కార్యాలయం దస్త్రంలోనే ఉండాలి. దాన్ని వెతికి చూడమని రాతపూర్వకంగా కోరాలి. తగాదా పుట్టకముందు, బిడ్డ పుట్టుకకు దగ్గరగా పుట్టిన కాగితానికి ఎప్పుడూ బరువు ఎక్కువ.

అర్జీ పొట్టిగా ఉండడమే మేలు. ఇలా రాయవచ్చు:

"తెనాలి పురపాలక సంఘం జనన రిజిస్ట్రారు గారికి. 2021 సంవత్సరపు జనన రిజిస్టరులో 412 నంబరు కింద 22-04-2021న నమోదైన మా పాప పేరు తెలుగులో సహస్ర అని సరిగ్గా ఉన్నది. ఇంగ్లీషులో SAHASRA అని ఉండవలసినది SAHARSA అని పడినది. 2021 జూన్‌లో పేరు చేర్చమని నేను ఇచ్చిన అర్జీలో SAHASRA అనే రాసి ఉన్నాను. కావున 1969 జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ ప్రకారం సవరించి కొత్త ధ్రువపత్రం ఇప్పించగలరు."

తప్పు రూపం, ఒప్పు రూపం రెండూ పెద్ద అక్షరాల్లో విడివిడిగా రాయాలి. తల్లి పేరులోనో తండ్రి పేరులోనో ఇంకో తప్పు ఉంటే దాన్నీ ఇదే అర్జీలో చేర్చాలి. ఈసారి ఒకటి, మళ్లీ ఇంకొకటి అంటే రెండోసారి అనుమానం పుడుతుంది. జతగా పాత పత్రం, తల్లిదండ్రుల గుర్తింపు పత్రాలు, పైన చెప్పిన ఆధారాల నకళ్లు, పాపను పుట్టినప్పటి నుంచి ఎరిగిన ఇద్దరి వాంగ్మూలాలు పెట్టాలి. వాంగ్మూలం ఇచ్చేవారు పెద్ద ఉద్యోగులే కానక్కరలేదు. పుట్టింటి పక్కింటివారైనా సరే, సంగతి తెలిసినవారై ఉండాలి. అర్జీని మీసేవలోనో, ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయంలోనో, నేరుగా కార్యాలయంలోనో ఇచ్చినా రశీదు తప్పనిసరిగా తీసుకోవాలి.

2021 రిజిస్టరు 2022తో రిజిస్ట్రారు దగ్గర ఉండవలసిన గడువు ముగిసింది కాబట్టి పుస్తకాన్ని తెప్పించవలసి ఉంటుంది. ఆ సంగతి మొదటి రోజే అడిగి, నివేదిక ఏ తేదీన ఏ కార్యాలయానికి వెళ్లిందో రాసుకుంటే, తరువాత ఆరా తీయడానికి ఒక ఆధారం ఉంటుంది. వట్టి 'పంపాం' అన్న జవాబుతో ఆగిపోయిన అర్జీలు చాలాకాలం కదలవు.

కొత్త పత్రం చేతికొచ్చాక

కౌంటరు దగ్గరే నిలబడి చదవాలి. పేరు మారి ఉండాలి. నమోదు సంఖ్య 412, నమోదు తేదీ 22-04-2021 మారకూడదు. పత్రం ఇచ్చిన తేదీ కొత్తది కావాలి. నమోదు సంఖ్య గానీ నమోదు తేదీ గానీ మారితే, దిద్దడానికి బదులు ఎవరో కొత్తగా మరో నమోదు చేశారన్నమాట. ఒకే బిడ్డకు రెండు నమోదులు ఉండడం అక్షరదోషం కన్నా పెద్ద చిక్కు, ఎప్పుడో పాస్‌పోర్టు విచారణలో బయటపడుతుంది. పాతది వదిలేసి కొత్తగా రాయించుకుందాం రండి అని సులువు దారి చూపే మధ్యవర్తులుంటారు. ఆ దారి పట్టకూడదు. అబద్ధపు సమాచారంతో నమోదు చేయించడం ఈ చట్టం కింద శిక్షార్హమైన నేరం.

ఇంకో రకం చిక్కు కంటికి కనబడదు. కంప్యూటరులో అక్షరాలు మార్చి పత్రం ముద్రించి ఇచ్చేస్తారు, రిజిస్టరు మార్జిన్‌లో ఏమీ రాయరు. పత్రం అందంగానే ఉంటుంది. మరో పదేళ్లకు వేరే కార్యాలయం అసలు రిజిస్టరుతో సరిచూడమని కోరినప్పుడు పాత తప్పే జవాబుగా వస్తుంది. అందుకే పత్రంతో పాటు మార్జిన్ రాతను కూడా కళ్లతో చూసి, దాని కింద సంతకం, తేదీ ఉన్నాయో లేదో గమనించాలి. చూడనివ్వకపోతే సవరణతో కూడిన రిజిస్టరు సారాంశం ఇమ్మని కోరవచ్చు. క్యూఆర్ కోడ్ ఉన్న పత్రమైతే ఫోన్‌తో స్కాన్ చేసి, తెరమీద కనబడే పేరు ముద్రించిన పేరుతో కలుస్తోందో లేదో చూడాలి.

పత్రం సరైన తరువాతే ఆధార్ దిద్దించాలి, ఆ తరువాత బడి రికార్డు. ఈ వరుస తప్పితే, దిద్దిన ఆధార్‌కూ దిద్దని జనన పత్రానికీ మధ్య కొత్త తేడా పుడుతుంది. పదో తరగతి మెమోలో పేరు బడి రికార్డు నుంచే వెళ్తుంది. ఆ మెమో వచ్చాక జనన పత్రాన్ని దాని ప్రకారం దిద్దమనడం, లేదా మెమోను జనన పత్రం ప్రకారం దిద్దమనడం రెండూ కష్టమైన పనులే. పాత పత్రాన్ని చింపివేయకుండా, వాడకుండా విడిగా ఉంచుకోవడం మంచిది. సవరణకు ముందు దానితో తీసుకున్న కాగితాల గురించి ఎవరైనా అడిగితే తేడా ఎందుకొచ్చిందో చూపడానికి పనికొస్తుంది. దాన్ని పెన్నుతో దిద్దడం, లామినేషన్ కింద అక్షరం చెరపడం వంటివి చేస్తే, అప్పటిదాకా గుమస్తాదైన తప్పు తల్లిదండ్రులది అవుతుంది.

నిరాకరిస్తే

రిజిస్ట్రారు కుదరదంటే ఆ మాట రాతపూర్వకంగా, కారణంతో కోరాలి. 2023 సవరణ చట్టంలో 25ఎ అనే కొత్త సెక్షన్ చేర్చింది. దాని ప్రకారం రిజిస్ట్రారు చర్య మీద 30 రోజుల్లోగా జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకోవచ్చు. జిల్లా రిజిస్ట్రారు నిర్ణయం మీద అలాగే ముఖ్య రిజిస్ట్రారుకు వెళ్లవచ్చు. అప్పీలు అందిన 90 రోజుల్లోగా తేల్చాలి. 30 రోజుల లెక్క ఉత్తర్వు అందిన నాటి నుంచి మొదలవుతుంది కాబట్టి, నోటిమాటతో వెనక్కి వచ్చేస్తే అప్పీలుకు చూపడానికి ఉత్తర్వే ఉండదు.

విదేశాల్లో పుట్టినవారు, ఉంటున్నవారు

అమెరికాలోనో గల్ఫ్‌లోనో పుట్టిన తెలుగు పిల్లల జననం అక్కడి స్థానిక రికార్డులో ఉంటుంది. తల్లిదండ్రులు భారత పౌరులై, పౌరసత్వ చట్టం కింద భారత కాన్సులేటులో నమోదు చేయిస్తే అక్కడా ఒక రాత ఉంటుంది. పేరులో తప్పుంటే ముందు ఆ దేశపు పత్రం, తరువాత కాన్సులేటు రికార్డు దిద్దించాలి. తెనాలి కార్యాలయం గానీ హైదరాబాదు కార్యాలయం గానీ ఇందులో చేయగలిగింది లేదు. ఇక్కడ పుట్టి అక్కడ స్థిరపడినవారి కష్టం వేరు. వీసా పనుల్లో జనన పత్రం అడిగినప్పుడు, ఎప్పుడో ముప్పై నలభై ఏళ్ల కింద పేరు లేకుండా నమోదైందని, లేదా అసలు నమోదే కాలేదని తేలుతుంది. నమోదు కాకపోతే రిజిస్ట్రారు రిజిస్టరు వెతికి, రికార్డు లభ్యం కాలేదని ఒక పత్రం ఇస్తాడు. దాన్ని పట్టుకుని ఇతర ఆధారాలతో ముందుకు వెళ్లాలి, లేదా మేజిస్ట్రేటు ఉత్తర్వుతో ఆలస్యపు నమోదు చేయించాలి. అక్షరదోషం మాత్రమే ఉంటే దారి పైన చెప్పినదే. ఊళ్లో ఉన్న దగ్గరి బంధువుకు రాతపూర్వకంగా అధికారం ఇచ్చి పని జరిపించే వీలును ఆ కార్యాలయంలో ముందే కనుక్కోవాలి. నమోదు సంఖ్య, నమోదు తేదీ, రిజిస్టరు ఉన్న ఊరు స్పష్టంగా రాసి పంపితేనే ఆ బంధువు పని అక్కడ ముందుకు సాగుతుంది.